పన్ను తీసిన గుంటలో రక్తపు గడ్డ: ఒక సూచనల కాగితం వెనుక చరిత్ర

పన్ను తీయించుకొని దంతవైద్యశాల నుండి ఇంటికి బయలుదేరే రోగి చేతిలో సాధారణంగా ఒక చిన్న కాగితం పెడతారు. గాజుగుడ్డను ముప్పావు గంట సేపు కరచి పట్టుకోవాలి. ఇరవై నాలుగు గంటల వరకు పుక్కిలించరాదు, ఉమ్మరాదు, స్ట్రాతో పీల్చరాదు. పొగ త్రాగరాదు. ఆస్పిరిన్ బిళ్ళలు సొంతంగా వేసుకోరాదు. కాగితం అడుగున మరొక చిన్న పట్టిక ఉంటుంది: ఫలానా లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి అని. చాలామంది ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, చొక్కా ఉతికేటప్పుడు గాని మళ్ళీ చూడరు. చూసినవారికి కూడా అది కారణాలు చెప్పని నిషేధాల జాబితాగా తోస్తుంది. పుండు అయిన చోట కడిగి శుభ్రం చేయడం మంచిది కదా, మరి నోరు కడుగవద్దని ఎందుకంటారు? రక్తం నోట్లోకి వస్తుంటే ఉమ్మకుండా ఎలా ఉంటాం? ఈ ప్రశ్నలు సహజమైనవే.

ఆ కాగితంలోని సూచనలలో ఎక్కువ భాగం ఒకే ఒక వస్తువును కాపాడడానికి ఉద్దేశించినవి. అది పన్ను ఊడిన గుంటలో పేరుకునే రక్తపు గడ్డ. దాని విలువను వైద్యులు గుర్తించడానికి చాలా శతాబ్దాలు పట్టింది. ఒక్కొక్క సూచన ఎక్కడ నుండి వచ్చిందో తెలిస్తే, దేనిని తప్పక పాటించాలో, ఎప్పుడు నిశ్చింతగా ఉండవచ్చో, ఎప్పుడు ఆలస్యం చేయరాదో కూడా స్పష్టమవుతుంది.

ప్రాచీనుల భయం

మన సుశ్రుత సంహితలో చికిత్సాస్థానంలో దంతరోగాల చికిత్స చెబుతూ ఒక గట్టి హెచ్చరిక చేశారు. పై దవడ పన్ను కదులుతున్నా సరే, వైద్యుడు దానిని పెరికివేయరాదని, అతిగా రక్తం పోవడం వల్ల ఘోరమైన వ్యాధులు కలుగుతాయని, కన్ను పోవచ్చునని, ముఖం వంకరపోయే అర్దితవాతం రావచ్చునని అందులో ఉంది. ఈనాటి శాస్త్రం ఆ కార్యకారణ సంబంధాన్ని అంగీకరించదు. అయితే ఆ హెచ్చరిక వెనుక ఒక అనుభవం ఉందని గమనించాలి. పన్ను తీయడం కంటే తీసిన తరువాత ఆగని రక్తం వారిని ఎక్కువగా భయపెట్టింది.

క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ మరొక కోణం నుండి చూశాడు. పన్ను తీసిన తరువాత రక్తం మామూలు కంటే ఎక్కువగా వస్తే, ఎముకలో ఏదో ముక్క విరిగి ఉంటుందని గ్రహించి వెదకాలన్నాడు. అంటే రక్తస్రావాన్ని ఆయన ఒక లక్షణంగా, లోపల జరిగినదానికి సూచనగా చదివాడు. నేటి కాగితం అడుగున ఉండే పట్టికకు ఇది తొలి బీజం అనవచ్చు.

పదవ శతాబ్దం చివర స్పెయిన్‌లోని కార్డోబాలో జీవించిన అల్ జహ్రావీ తన వైద్యగ్రంథంలో పన్ను తీసే పద్ధతిని ఓపికగా వర్ణించాడు. చిగురును పంటి నుండి విడదీసి, పన్నును మెల్లగా కదిలించి, విరగకుండా తీయాలన్నాడు. ఆ తరువాత ద్రాక్షసారాయంతో గాని, ఉప్పు కలిపిన వెనిగర్‌తో గాని నోరు పుక్కిలించమన్నాడు. రక్తం ఆగకపోతే మైలుతుత్తం పొడిని గాయంలో కూరమన్నాడు. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. వెంటనే పుక్కిలిస్తే అప్పుడే ఏర్పడుతున్న గడ్డ చెదురుతుంది. చెదిరితే రక్తం తిరిగి మొదలవుతుంది. అప్పుడు మైలుతుత్తం కావలసి వస్తుంది. గడ్డను గాయంలో మిగిలిన మలినంగా భావించినంత కాలం, దానిని కడిగివేయడమే సరైన పనిగా కనిపించింది.

ప్రమాదం కుర్చీ నుండి ఇంటికి మారిన కాలం

పందొమ్మిదవ శతాబ్దం మధ్య వరకు పన్ను తీయించుకోవడం మెలకువతో, పూర్తి నొప్పితో జరిగే పని. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరపు దంతవైద్యుడు హొరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి, తన పన్నునే తీయించుకున్నాడు. 1846 సెప్టెంబరు 30న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్ మత్తులో ఒక రోగి పన్ను తీశాడు. శస్త్రచికిత్సకు మత్తుమందు దారి వేసింది పంటి నొప్పే అని చెప్పినా అతిశయోక్తి కాదు.

మన కాగితానికి సంబంధించిన మార్పు మాత్రం మరికొంత కాలం తరువాత వచ్చింది. 1884లో కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కంటికి తిమ్మిరి ఎక్కించవచ్చునని చూపాడు. ఆ వెంటనే న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ క్రింది దవడ నాడి చుట్టూ అదే మందును సూదితో ఎక్కించాడు. అయితే మందు త్వరగా రక్తంలో కలిసిపోయేది. 1901లో జోకిచి తకామినే అడ్రినలిన్‌ను శుద్ధరూపంలో వేరు చేసి ప్రకటించాడు. రెండేళ్ళ తరువాత జర్మనీలో హైన్రిఖ్ బ్రౌన్ తిమ్మిరి మందులో కొద్దిగా అడ్రినలిన్ కలిపాడు. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుచేత మందు ఉన్నచోటనే ఎక్కువ సేపు నిలుస్తుంది, రక్తం కూడా తక్కువగా వస్తుంది. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్‌ను నేటికీ మన దంతవైద్యులు ఎక్కువగా ఇదే విధంగా, సుమారు లక్ష పాళ్ళకు ఒక పాలు అడ్రినలిన్ కలిపి వాడుతున్నారు.

ఈ సౌకర్యానికి ఒక పర్యవసానం ఉంది. రోగి కుర్చీలో ఉన్నంతసేపు నొప్పి లేదు, రక్తం కూడా పెద్దగా లేదు. రెండు మూడు గంటల తరువాత తిమ్మిరి తగ్గుతుంది. ముడుచుకున్న రక్తనాళాలు తిరిగి వెడల్పవుతాయి. నొప్పి అప్పుడు మొదలవుతుంది, రక్తం మళ్ళీ ఊరవచ్చు. ఆ సమయానికి రోగి ఇంటిలో, ఒక్కొక్కసారి పల్లెకు వెళ్ళే బస్సులో ఉంటాడు. పూర్వం వైద్యుని కళ్ళ ముందు జరిగినది ఇప్పుడు అతడు లేనిచోట జరుగుతుంది. లిఖిత సూచనల అవసరం ఇక్కడే ఉంది. కాగితంలోని తొలి వాక్యానికి అర్థం కూడా ఇదే. గాజుగుడ్డను కరచి పట్టుకోవడం వల్ల, అడ్రినలిన్ ప్రభావం పోయే లోపల గడ్డ గట్టిపడడానికి వ్యవధి దొరుకుతుంది. మధ్యమధ్య గుడ్డ తీసి రక్తం ఆగిందా అని చూసుకుంటే, తీసిన ప్రతిసారీ గడ్డ పైపొర గుడ్డతో పాటు ఊడి వస్తుంది. కనుక ముప్పావు గంట అంటే ఎడతెగని ముప్పావు గంట అని అర్థం.

తిమ్మిరి ఉన్నంతసేపు వేడి పదార్థాలు వద్దనడానికి కారణం వేరు. పెదవి, బుగ్గ, నాలుక స్పర్శ కోల్పోయి ఉంటాయి. కాలినా, పంటి కింద నలిగినా తెలియదు. ముఖ్యంగా పిల్లలు తిమ్మిరెక్కిన పెదవిని వింతగా నములుతూ పుండు చేసుకుంటారు. తిమ్మిరి వదలే వరకు వారిని కనిపెట్టి ఉండాలి.

గుంటలో జరిగే పని

పన్ను ఊడిన గుంట నాలుగు వైపులా ఎముక గోడలు ఉన్న లోతైన గాయం. చర్మం మీది గాయంలా దాని అంచులను దగ్గరకు లాగి పూర్తిగా మూసివేయడం సాధ్యం కాదు. దానికి కప్పు, పూరకం, రక్షణ అన్నీ ఆ రక్తపు గడ్డే. 1969లో అమెరికాలో ఆమ్లర్ అనే పరిశోధకుడు మనుషుల పంటి గుంటలనుండి వేర్వేరు రోజులలో సూక్ష్మమైన నమూనాలు తీసి, మానే క్రమాన్ని వివరించాడు. దాని సారాంశం ఇది. మొదట గుంట గడ్డతో నిండుతుంది. రెండు మూడు రోజులలో అంచుల నుండి కొత్త రక్తనాళాలు, కణాలు గడ్డలోనికి పాకుతాయి. సుమారు వారం రోజులకు గడ్డ స్థానాన్ని మెత్తని ఎర్రటి కణజాలం ఆక్రమిస్తుంది, గుంట అడుగున ఎముక తొలి పోగులు పడుతుంటాయి. చిగురు పైన పూర్తిగా కలుసుకోవడానికి మూడు వారాలు దాటుతుంది. ఐదారు వారాలకు గుంటలో మూడింట రెండు వంతుల మేర కొత్త ఎముక చేరుతుంది.

అంటే గడ్డ ఎముకకు పునాది. అది మొదటి మూడు నాలుగు రోజులు నిలిస్తే ఆ తరువాత పని శరీరమే చూసుకుంటుంది. ఆ రోజులలో గడ్డకు శత్రువులు రెండు రకాలు. బలంగా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం, సిగరెట్టు గాని బీడీ గాని దమ్ము లాగడం వంటివి నోటిలో ఒత్తిడి కలిగించి దానిని కదలిస్తాయి. రెండవ రకం శత్రువు గడ్డను లోపలినుండే కరిగిస్తుంది. దాని కథ మరింత ఆసక్తికరమైనది.

డ్రై సాకెట్

1896లో అమెరికన్ దంతవైద్యుడు క్రాఫర్డ్ ఒక వృత్తిపత్రికలో డ్రై సాకెట్ అనే పేరును ప్రవేశపెట్టాడు. పన్ను తీసిన తరువాత రెండు మూడు రోజులకు నొప్పి తగ్గవలసింది పోయి ఒక్కసారిగా పెరుగుతుంది. నోరు తెరిచి చూస్తే గుంటలో గడ్డ ఉండదు, తెల్లగా ఎండినట్లు ఎముక గోడలు కనిపిస్తాయి. పేరు అలా వచ్చింది. వైద్యులు దీనిని చీము పట్టడంగా భావించి చాలా కాలం గుంటను గీకి మళ్ళీ రక్తం వచ్చేలా చేసేవారు. గీకిన కొద్దీ నొప్పి పెరగడమే కాక, గుంటలో మిగిలిన మంచి కణజాలం కూడా పోయేది.

ఇది కేవలం గడ్డ జారిపోవడం కాదేమోనన్న అనుమానానికి ఆధారం ఇతర రంగాల నుండి లభించింది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే శక్తి కొన్ని స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల స్రావంలో ఉందని 1933లో విలియం టిల్లెట్ కనుగొన్నాడు. రక్తంలో గడ్డను అల్లే వ్యవస్థతో పాటు దానిని విప్పే వ్యవస్థ కూడా ఉందని తరువాతి దశాబ్దాలలో స్పష్టమైంది. 1973లో డెన్మార్క్ పరిశోధకుడు బిర్న్ ఈ జ్ఞానాన్ని పంటి గుంటకు అన్వయించాడు. ఎముక, చుట్టుపక్కల కణజాలం దెబ్బతిన్నప్పుడు వెలువడే పదార్థాలు గడ్డను కరిగించే ప్రక్రియను ప్రేరేపిస్తాయని, గడ్డ కరిగి ఎముక బయటపడుతుందని వివరించాడు. క్రింది జ్ఞానదంతం వంటి కష్టమైన పన్నును తీసినప్పుడు ఇది ఎక్కువగా రావడానికి ఒక కారణం ఇందులో దొరుకుతుంది. మామూలు పళ్ళు తీసినప్పుడు నూటికి ఒకరి నుండి ఐదుగురి వరకు దీని బారిన పడితే, క్రింది జ్ఞానదంతాల విషయంలో కొన్ని పరిశీలనలలో ఇది నూటికి ముప్పై వరకు కూడా కనిపించింది.

పొగ సంగతి కూడా ఆ దశాబ్దంలోనే లెక్కలతో తేలింది. స్వీట్, బట్లర్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1970ల చివర జ్ఞానదంతాలు తీయించుకున్నవారిని పరిశీలించి, పొగ త్రాగేవారిలో డ్రై సాకెట్ ఎక్కువని ప్రకటించారు. దమ్ము లాగే ఒత్తిడి ఒకటి, నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకొని గుంటలోనికి రక్తం తక్కువగా రావడం మరొకటి. మన ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగుతారు. వారికైతే వేడి, పొగ రెండూ నేరుగా గాయానికే తగులుతాయి. ఖైనీ, గుట్కా పొగ కావు కదా అనుకోవడమూ పొరపాటే. వాటి తునకలు గుంటలో చేరతాయి, నికోటిన్ ఎలాగూ ఉంటుంది. కనీసం మూడు రోజులు, వీలైతే వారం రోజులు వీటన్నిటినీ మానాలి.

ఆస్పిరిన్ గురించి రెండు వాక్యాలు

కాగితంలో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునే సూచన ఇదే. నొప్పికి ఆస్పిరిన్ వద్దు అన్నది ఒక వాక్యం. గుండె జబ్బుకు వైద్యుడు ఇచ్చిన ఆస్పిరిన్‌ను సొంతంగా మానవద్దు అన్నది రెండవ వాక్యం. మొదటిది గుర్తుండి రెండవది మరచిపోతే ప్రాణాపాయం.

ఈ రెండు వాక్యాలూ ఒకే పరిశీలన నుండి పుట్టాయి. కాలిఫోర్నియాలోని గ్లెన్‌డేల్‌లో లారెన్స్ క్రేవెన్ అనే సామాన్య వైద్యుడు టాన్సిల్స్ తీసిన రోగులకు నొప్పి తగ్గడానికి ఆస్పిరిన్ కలిపిన చ్యూయింగ్ గమ్ ఇచ్చేవాడు. దానిని ఎక్కువగా నమిలినవారికి గొంతు గాయం నుండి రక్తం ఆగకపోవడం అతడు గమనించాడు. గాయం దగ్గర కీడు చేసే ఈ గుణమే గుండె రక్తనాళాలలో గడ్డలు కట్టకుండా మేలు చేయవచ్చునని ఊహించి, 1950ల తొలి సంవత్సరాలలో చిన్న పత్రికలలో వ్యాసాలు రాశాడు. అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ పనిచేసే తీరును వెల్లడించిన తరువాత విషయం తేటపడింది. ఆస్పిరిన్ తగిలిన రక్తఫలకిక దాని జీవితకాలమంతా, అంటే వారం పది రోజులు, సరిగా అతుక్కోలేదు. కనుకనే ఒక్క బిళ్ళ ప్రభావం కూడా చాలా రోజులు ఉంటుంది. కనుకనే పన్ను తీయించుకునే ముందు రోజు దానిని మానినందువల్ల రక్తస్రావం విషయంలో ఒరిగేదీ ఏమీ ఉండదు.

రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ విషయంలో పాత అలవాటు మరీ ప్రమాదకరమైనది. పన్ను తీసే ముందు కొన్ని రోజులు దానిని మాన్పించేవారు. 1998లో అమెరికన్ దంతవైద్యుడు మైకేల్ వాల్ అప్పటివరకు ప్రచురితమైన నివేదికలను ఒకచోట చేర్చి చూశాడు. దంతచికిత్స కోసం మందు మాన్పించిన 493 మందిలో ఐదుగురికి తీవ్రమైన గడ్డల సమస్యలు వచ్చాయి, వారిలో నలుగురు మరణించారు. మందు కొనసాగించినవారిలో మాత్రం అత్యధికులకు రక్తం స్థానికంగా చేసే ఉపాయాలతోనే ఆగింది. పంటి గుంట రక్తాన్ని వేలితో నొక్కి ఆపవచ్చు, కుట్టు వేయవచ్చు. జపాన్‌లో ఒకామోటో దంపతులు 1962లో ప్రకటించిన ట్రానెక్సామిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డను కరిపించవచ్చు. మెదడు రక్తనాళంలో కట్టిన గడ్డను ఈ విధంగా అందుకోలేము. అందుచేత ఇలాంటి మందులు వాడేవారు ముందుగానే దంతవైద్యునికి చెప్పాలి. మానాలో కొనసాగించాలో ఆయనా, గుండె వైద్యుడూ కలిసి నిర్ణయించాలి.

నొప్పికి సాధారణంగా పారాసిటమాల్ చాలు. మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుండు, గర్భం లేనివారికి వైద్యుడు ఐబుప్రొఫెన్‌ను ఆహారం తరువాత జతచేస్తాడు. ఏ బిళ్ళనైనా మింగాలి గాని నొప్పి ఉన్నచోట అదిమి పెట్టరాదు. ఆస్పిరిన్ బిళ్ళను అలా పెట్టుకుంటే చిగురు కాలి తెల్లబడుతుంది.

ఒక ఉదాహరణ

కాగితం అడుగున ఉండే పట్టికను ఎలా చదవాలో ఒక ఊహాజనితమైన రోగి ద్వారా చూద్దాం. నలభై రెండేళ్ళ వ్యక్తి. రోజుకు ఒక కట్ట బీడీలు త్రాగుతాడు. సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఎడమ క్రింది జ్ఞానదంతం తీశారు.

సోమవారం రాత్రి తలగడ మీద గులాబీ రంగు మరక కనిపించింది. ఇంటివారు కంగారుపడ్డారు. ఇది సాధారణమే. రెండు చుక్కల రక్తం కూడా లాలాజలంలో కలిసి నోరంతా ఎర్రగా చేస్తుంది. నోరు నిండా ఎర్రటి రక్తం వస్తున్నా, కాలేయంలా ముద్దగా గడ్డలు వస్తున్నా అది వేరు. అప్పుడు నిటారుగా కూర్చొని, శుభ్రమైన గుడ్డను తడిపి మందంగా మడిచి, సరిగ్గా గుంట మీద పెట్టి అరగంట కరచి పట్టుకోవాలి. రెండుసార్లు అలా చేసినా ఆగకపోతే ఫోన్ చేయాలి.

మంగళవారం బుగ్గ వాచింది. బుధవారం వాపు ఇంకొంచెం పెరిగినా నొప్పి తగ్గింది. ఇదీ సాధారణమే. వాపు రెండు మూడు రోజుల వరకు పెరిగి, ఆపై తగ్గుముఖం పడుతుంది. మంగళవారం నుండి అతడు గోరువెచ్చని ఉప్పునీటిని నోటిలో పోసుకొని, తలను అటూ ఇటూ వంచి, దానంతట అదే జారిపోయేలా వదలుతున్నాడు. అది సరైన పద్ధతి. కాని నొప్పి తగ్గిందన్న ధైర్యంతో బుధవారం రెండు బీడీలు త్రాగాడు.

గురువారం రాత్రి నొప్పి లేచింది. చెవిలోకి, కణతలోకి లాగుతోంది. పారాసిటమాల్ పనిచేయలేదు. నోరు దుర్వాసన. అయితే వాపు తగ్గుతూనే ఉంది, జ్వరం లేదు, నోరు బాగానే తెరుచుకుంటోంది. ఈ నాలుగు సంగతులు కలిపి చూస్తే ఇది డ్రై సాకెట్ అని దాదాపు చెప్పవచ్చు. ప్రాణాపాయం లేదు. మరునాడు ఉదయమే ఫోన్ చేసి వెళ్ళాలి. దంతవైద్యుడు గుంటను గోరువెచ్చని సెలైన్‌తో మెల్లగా కడిగి, లవంగ నూనెలోని యూజెనాల్ కలిసిన మందును పెడతాడు. చాలామందికి గంటలోపలే నొప్పి తగ్గుతుంది. ఒకటి రెండుసార్లు మందు మార్చవలసి రావచ్చు. ఎలాగైనా వారం పది రోజులలో గుంట తానే మానుతుంది. చీము లేనందున యాంటీబయోటిక్ అవసరం ఉండదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయోటిక్‌తో ఈ నొప్పి తగ్గదు.

ఇప్పుడు కథను ఒక్కచోట మారుద్దాం. గురువారం నొప్పితో పాటు వాపు తగ్గడానికి బదులు పెరిగింది. దవడ కింద గట్టిగా తగులుతోంది. ఒళ్ళు కాలుతోంది. నోటిలో రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగిసింది. మింగలేక లాలాజలం కారుతోంది. ఇది డ్రై సాకెట్ కాదు.

లుడ్విగ్ చూసిన వ్యాధి

1836లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రీడ్రిఖ్ ఫాన్ లుడ్విగ్ ఈ రెండవ రకం రోగులనే వర్ణించాడు. దవడ కింద, నాలుక కింద కర్రలా గట్టిపడే వాపు, పైకి లేచిన నాలుక, ఊపిరాడక మరణం. ఆయన పేరుతోనే దానిని లుడ్విగ్ ఆంజైనా అంటారు. గుండె ఆంజైనాతో దీనికి సంబంధం లేదు. ఆ పదానికి మూలార్థం గొంతు నులమడం.

కారణం దవడ నిర్మాణంలో ఉంది. నోటి అడుగున పళ్ళెంలా ఒక కండరం ఉంటుంది. క్రింది దవడ వెనుక పళ్ళ వేళ్ళ కొనలు ఆ కండరం అతుక్కున్న గీత కంటే కిందికి దిగి ఉంటాయి. అక్కడ పట్టిన చీము నోటిలోనికి పగలకుండా నేరుగా మెడ వైపు జారుతుంది. రెండు పక్కలా వ్యాపించి నాలుకను పైకి, వెనక్కి నెట్టి శ్వాసమార్గాన్ని మూస్తుంది. యాంటీబయోటిక్‌లు రాకముందు ఈ వ్యాధి సోకినవారిలో సగానికి పైగా మరణించేవారు. ఇప్పుడు ఆ సంఖ్య చాలా తగ్గింది. అయితే అది సకాలంలో ఆసుపత్రికి చేరి, శ్వాసమార్గాన్ని కాపాడుకొని, చీము తీయించుకున్నవారి సంగతి. మధుమేహం అదుపులో లేనివారిలో ఇది మరింత వేగంగా ముదురుతుంది. ఇక్కడ ఉదయం వరకు వేచి ఉండడం, దంతవైద్యునికి ఫోన్ కలవలేదని కూర్చోవడం తగదు. అత్యవసర విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి తీసుకువెళ్ళాలి.

కాగితం

ఈ చరిత్రనంతా ఒక పుటలో కుదిస్తే ఇలా ఉంటుంది. కావలసినవారు రాసి పెట్టుకోవచ్చు.

మొదటి రోజు: గుడ్డను ముప్పావు గంట తీయకుండా కరచి పట్టుకోవాలి. తిమ్మిరి వదలే వరకు ఏమీ నమలరాదు. ఆపైన చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ రెండవ వైపుతో తినాలి. పుక్కిలించరాదు, ఉమ్మరాదు, స్ట్రా వాడరాదు. నోటిలో ఊరిన లాలాజలాన్ని మింగవచ్చు. బుగ్గ మీద గుడ్డలో చుట్టిన మంచును పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీయాలి. తల కొంచెం ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి. బరువులు ఎత్తరాదు.

రెండవ రోజు నుండి: గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి, భోజనం తరువాత ప్రతిసారీ మెల్లగా నోరు కడగాలి. గుంటను వదిలి మిగిలిన పళ్ళను మామూలుగా తోమాలి. వేలితో, పుల్లతో గుంటను కెలకరాదు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు. మద్యం వద్దు.

ఫోన్ చేయవలసినవి: అరగంట చొప్పున రెండుసార్లు గుడ్డ కరచినా ఆగని రక్తం. మూడవ రోజు తరువాత పెరిగిన నొప్పి. మూడవ రోజు తరువాత పెరిగిన వాపు. జ్వరం, చీము. మరునాటికీ వదలని తిమ్మిరి. పై దవడ పన్ను తీసిన తరువాత నీరు త్రాగితే ముక్కులోనికి రావడం. మందు వేసుకున్న తరువాత ఒంటి మీద దద్దుర్లు.

ఫోన్ చేయక నేరుగా ఆసుపత్రికి వెళ్ళవలసినవి: మింగలేకపోవడం, ఊపిరి తీయడంలో కష్టం, మాట ముద్దగా మారడం, నాలుక కింద గాని మెడలో గాని గట్టి వాపు, ధారగా కారే రక్తం, మందు తరువాత ముఖం ఉబ్బడం.

దంతవైద్యశాల ఫోన్ నంబరును, సాయంత్రం తరువాత ఎవరిని పిలవాలో ఆ నంబరును కూడా కాగితం మీదనే రాయించుకోవాలి. తిమ్మిరి వదిలేది, రక్తం మళ్ళీ ఊరేది ఎక్కువగా క్లినిక్ మూసిన తరువాతే.